తిరిగొచ్చినా తీరే అప్పేనా?

అమెరికా ఎమ్మెస్ కోసం 50 లక్షలు అప్పు చేసేముందు చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి కుటుంబాలు వేసుకోవలసిన లెక్క

బాగేపల్లి మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి చిక్కబళ్లాపురం దాటి దేవనహళ్లి విమానాశ్రయం పక్కనుంచి బెంగళూరుకు పోతుంది. ఇంజనీరింగు ముగించిన పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు చర్చంతా ఈ రోడ్డు మీదే నడుస్తోంది. విమానాశ్రయం దగ్గర దిగి అమెరికా పోవాలా, ఇంకో గంట ముందుకెళ్లి బెంగళూరులో ఉద్యోగంలో చేరాలా? "పక్కూరి పిల్లోడు పోయె, మనోడు పోకుంటే ఎట్ల?" అన్న మాటతోనే చాలా ఇళ్లలో నిర్ణయం జరిగిపోతోంది. ఆ మాటలో పరువుంది, ఆశ ఉంది. లెక్క మాత్రం లేదు.

లెక్క వేసే ఇళ్లలోనూ అది ఒకే ఒక్క గుణకారంతో ముగుస్తుంది. అక్కడ ఏడాదికి 85 వేల డాలర్లు, డాలరుకు 90 రూపాయలు, అంటే 76 లక్షలు. ఇక్కడ వచ్చేది 6 లక్షలు. ఇంకా ఆలోచించేదేముందని అంటారు. ఆ 76 లక్షల్లోంచి పన్ను పోవాలి, అద్దె పోవాలి, కారు, బీమా, తిండి ఖర్చులు పోవాలి. అన్నీ పోయాక చేతిలో నిలిచేదే సంపాదన. అందుకే రెండు దేశాల జీతాలను పక్కపక్కన పెట్టడం మానేసి, రెండు చోట్లా ఏడాది చివర్లో మిగిలేదెంతో పోల్చాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. పోల్చవలసింది అమెరికాలో స్థిరపడిన పక్కూరి అబ్బాయితో కాదు. మీ అబ్బాయే బెంగళూరులో ఉండిపోతే ఏమవుతాడో దానితో. చదువులో చురుకైనవాడు, కష్టపడేవాడు ఎక్కడున్నా ఎంతో కొంత ముందుకే పోతాడు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్నే పట్టుకుంది. పేరున్న కళాశాలల్లో సీటు వచ్చినా చేరకుండా మామూలు కళాశాలల్లో చదివినవాళ్లు, అక్కడే చేరినవాళ్లతో దాదాపు సమానంగా సంపాదించారని వాళ్లు తేల్చారు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద కళాశాల నిజంగా మేలు చేసింది. అది డిగ్రీ చదువు మీద చేసిన పరిశోధనే అయినా మనకు పనికొచ్చే హెచ్చరిక ఇస్తుంది. కనిపించే ఆదాయమంతా పట్టా తెచ్చిందే అనుకోకూడదు. అందులో కొంత ఆ మనిషిదే. బెంగళూరు అవకాశం ఇంటి ముంగిట్లోనే ఉన్న మన ప్రాంతానికి ఈ హెచ్చరిక మరీ ఎక్కువగా వర్తిస్తుంది.

ఖర్చు ఎంత?

చింతామణి తాలూకాలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నాలుగెకరాల పొలం, ఊళ్లో ఒక ఇల్లు. కొడుకు కంప్యూటర్ సైన్సులో బీఈ ముగించాడు. బెంగళూరు కంపెనీ ఒకటి 6 లక్షల ప్యాకేజీ ఇస్తానంది. చేతికి నెలకు 45 వేల దాకా వస్తుంది. మరోవైపు అమెరికాలో ఒక మధ్యరకం ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఎమ్మెస్‌కు సీటొచ్చింది.

రెండేళ్ల ఫీజు 36 వేల డాలర్లు అనుకుందాం. 22 నెలల అద్దె, తిండి కలిపి నెలకు వెయ్యి చొప్పున 22 వేలు. బీమా, వీసా, విమాన టికెట్లు, ఇతర రుసుములు 4 వేలు. మొత్తం 62 వేల డాలర్లు. డాలరు 90 రూపాయలైతే దాదాపు 56 లక్షలు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు కానీ ఆ పని దొరుకుతుందన్న భరోసా లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. రెండో ఏడు ఫీజు కట్టేలోపు రూపాయి ఇంకా పడిపోతే ఖర్చు ఆ మేరకు పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇందులో 50 లక్షలు బ్యాంకు అప్పు, 6 లక్షలు ఇంటి డబ్బు. వడ్డీ 10.5 శాతం. బ్యాంకు ఈ అప్పును నాలుగు సెమిస్టర్లకు నాలుగు విడతలుగా ఇస్తుంది. చదువు ముగిసిన ఆరు నెలలకు వాయిదాలు మొదలవుతాయనుకుంటే, అప్పటికే మామూలు వడ్డీ 9 లక్షలు దాటుతుంది. 50 లక్షల అప్పు వాయిదా మొదలయ్యే రోజుకు 59 లక్షలై కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 80 వేలు కట్టాలి. పదేళ్లకు కట్టే మొత్తం 96 లక్షలు. చదువుకునే కాలంలోనే వడ్డీ కడుతూ పోతే ఈ భారం తగ్గుతుంది. అలా కట్టేవారికి ప్రభుత్వ బ్యాంకులు వడ్డీలో ఒక శాతం దాకా రాయితీ ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

పొలం ఉన్నా అప్పు పుట్టదు

నాలుగెకరాలు ఉన్నాయి కదా, అప్పుకేం కొదవ అనుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు అడుగుతాయి. బాకీ పడితే కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకొనే హక్కును బ్యాంకులకు ఇచ్చింది 2002 నాటి సర్ఫేసీ చట్టం. ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే పహణిలో సాగుభూమిగా ఉన్న పొలాన్ని ఈ అప్పుకు తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ఇష్టపడవు. ఖాతా సరిగా ఉన్న ఇల్లో, కన్వర్షన్ అయిన సైటో చూపమంటాయి.

తాకట్టు లేకుండా ఇచ్చే ప్రైవేటు రుణ సంస్థలున్నాయి. వాళ్ల వడ్డీ ఎక్కువ. పైగా తల్లిదండ్రుల ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతారు. సేద్యం మీద బతికే ఇంట్లో అవి ఎక్కడుంటాయి? అప్పుడు మిగిలేవి రెండే దారులు. ఒకటి, పొలం అమ్మడం. రెండోది, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవడం. ఈ రెండో దారి ఏడాదికి 24 శాతమన్నమాట. ఇంటి డబ్బు అనుకున్న ఆ 6 లక్షలు ఇలా తెచ్చినవే అయితే నెలకు 12 వేలు వడ్డీకే పోతుంది. అదీ అబ్బాయి విమానం ఎక్కిన నెల నుంచే.

పొలం అమ్మితే వడ్డీ లేదు కదా అనేవాళ్లున్నారు. బెంగళూరు పెరుగుతున్న వైపున్న నేల మనది. అప్పు మీద వడ్డీ నెలనెలా కాగితం మీద కనిపిస్తుంది. అమ్మేసిన భూమి ధర ఎంత పెరిగిందో ఎవరూ కాగితం పంపరు. ఆ పెరుగుదలనూ, ఏటా పంట మీద వచ్చే ఆదాయాన్నీ చదువు ఖర్చులోనే కలుపుకోవాలి.

మూడు దారులు

ఇప్పుడు ఆ అబ్బాయి ముందున్న దారులు చూద్దాం. ఎమ్మెస్ ముగిశాక ఓపీటీ కింద ఒక ఏడాది పని చేసుకోవచ్చు. కంప్యూటర్ సైన్సు లాంటి చదువులకు ఇంకో రెండేళ్లు పొడిగింపు ఉంది. ఓపీటీ మొదలయ్యే తేదీని చదువు ముగిశాక 60 రోజుల లోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. అంటే పట్టా చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఎంత లాగినా ఐదు నెలలే.

మొదటి దారి మంచిది. నాలుగో నెల ముగిసేలోపు 85 వేల డాలర్ల ఉద్యోగం దొరికింది. పన్నులు పోగా 71 వేలు చేతికొస్తాయి. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు కాబట్టి ఇంత మిగులుతుంది. ఒదిగి బతికినా కారుతో సహా ఏడాదికి 35 వేలు ఖర్చవుతుంది. మిగిలేది 36 వేల డాలర్లు, నెలకు 2 లక్షల 70 వేల రూపాయలు. అంతా అప్పుకే కడితే 24 నెలల్లో తీరిపోతుంది. ఓపీటీలో మిగిలిన పది నెలల్లో 27 లక్షలు నిలవవుతాయి. ఇంటినుంచి తెచ్చిన 6 లక్షలు తీసేస్తే 21 లక్షలు.

బెంగళూరులో ఉండిపోయి ఉంటే? మొదటి ఏడు 2 లక్షలు మిగిలి, జీతంతో పాటు ఆ మిగులు పెరుగుతూ ఐదో ఏటికి ఐదున్నర లక్షలకు చేరిందనుకుంటే, ఐదేళ్లకు 18 లక్షల దాకా నిలవ ఉండేది. అన్నీ అనుకున్నట్టు జరిగిన దారిలో కూడా, ఐదేళ్లు దాటాక ఓపీటీ ముగిసి వెనక్కి రావలసి వస్తే, రెండు లెక్కలూ దాదాపు ఒకచోటే నిలుస్తాయి. అమెరికా అనుభవం వల్ల ఇక్కడ దొరికే మెరుగైన జీతం అదనపు లాభం.

రెండో దారి మధ్యస్థం. ఉద్యోగం ఐదో నెలలో దొరికింది, జీతం 70 వేల డాలర్లు. నెలకు 2 లక్షల రూపాయలు అప్పుకు కడుతూ 18 నెలలు గడిచాక ఉద్యోగం పోయింది, మళ్లీ దొరకలేదు, ఇంటికొచ్చాడు. అప్పటికి ఇంకా 30 లక్షలు బాకీ ఉంటుంది. దాన్ని మళ్లీ పదేళ్లకు సర్దుకుంటే నెలకు 40 వేలు. అమెరికా అనుభవంతో బెంగళూరులో నెలకు 85 వేలు చేతికొచ్చే ఉద్యోగం దొరికితే, కష్టమైనా ఈదగలడు.

మూడో దారిలో గడువులోపు ఉద్యోగమే దొరకదు. పట్టాతో, 59 లక్షల అప్పుతో ఇల్లు చేరతాడు. బెంగళూరులో 8 లక్షల ప్యాకేజీ దొరికినా చేతికి నెలకు 60 వేలే. వాయిదా 80 వేలు. జీతమంతా కట్టినా చాలదు. తాకట్టు పెట్టిన ఇంటి మీదికి నోటీసు వస్తుంది, పొలం అమ్మకానికి పోతుంది.

ఈ మూడింటికీ సగటు తీసి లాభమే కదా అని చెప్పే కన్సల్టెన్సీలు ఉన్నాయి. విద్యార్థిని చేర్పించినందుకు చాలా విశ్వవిద్యాలయాలు వాళ్లకు కమీషన్ ఇస్తాయన్న సంగతి మనకు గుర్తుండాలి. వందమంది పిల్లల్ని పంపే సంస్థకు సగటు సరిపోతుంది. ఒక్క కొడుకును పంపే ఇంటికి సగటు అనేది ఉండదు. ఆ ఇంటికి దక్కేది మూడు దారుల్లో ఏదో ఒకటే.

జీవితకాలపు సంపాదన వీసా చేతిలో ఉంది

అలాగైతే వెళ్లినవాళ్లు బాగుపడలేదా? చాలామంది బాగుపడ్డారు. కానీ వాళ్ల సంపాదనలో పెద్ద భాగం ఎక్కడ పుట్టిందో చూడాలి. మన లెక్కలో మొదటి ఐదేళ్లు సమానంగానే ముగిశాయి. తేడా అంతా ఆరో ఏడు నుంచి మొదలవుతుంది. అక్కడే ఉండిపోతే ఏటా బెంగళూరు కన్నా 25 లక్షలు ఎక్కువ మిగలవచ్చు. ఆ మిగులు పదిహేను, ఇరవై ఏళ్లు సాగితే చదువు ఖర్చు దాని ముందు చిన్నదే. అయితే ముందుముందు ఎప్పుడో వచ్చే డబ్బు ఈనాటి డబ్బుతో సమానం కాదు. పదేళ్ల తర్వాత అందే 25 లక్షల విలువ, 10 శాతం వడ్డీ లెక్కన, ఈరోజు 9 లక్షల 60 వేలే. అయినా లాభమే. కాకపోతే ఆ లాభమంతా అక్కడ ఉండనిచ్చే హెచ్-1బీ వీసా మీద ఆధారపడి ఉంది.

హెచ్-1బీ వీసాలు ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు. 2026 ఆర్థిక సంవత్సరపు లాటరీలో అర్హమైన నమోదులు 3 లక్షల 44 వేలు. ఎంపికైనవి లక్షా 20 వేలు, అంటే 35 శాతం. ఓపీటీ మూడేళ్లలో మూడుసార్లు ప్రయత్నించే వీలుంటే, కనీసం ఒకసారి తగిలే అవకాశం నూటికి 72 పాళ్లు. ఈ లెక్కను నమ్ముకొనే ఇన్నాళ్లూ అప్పులు చేశారు.

ఇప్పుడా లెక్క మారింది. 2025 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఖరారు చేసిన నియమం లాటరీని జీతపు స్థాయికి ముడిపెట్టింది. ఉద్యోగం ఉన్న ఊళ్లో ఆ పనికి ఇచ్చే జీతాన్ని నాలుగు స్థాయిలుగా విడదీసి, నాలుగో స్థాయివాళ్ల పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయివాళ్ల పేరు ఒక్కసారే వేస్తారు. చదువు ముగించి కొత్తగా చేరేవాళ్లు ఎక్కువగా ఉండేది మొదటి, రెండో స్థాయిల్లోనే. మొదటి స్థాయివాళ్ల అవకాశం దాదాపు సగానికి పడిపోతుందని అమెరికా ప్రభుత్వమే అంచనా వేసింది. ఏడాదికి 17 శాతం అనుకుంటే మూడు ప్రయత్నాల్లో ఒకసారైనా తగిలే అవకాశం నూటికి 43 పాళ్లే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము, అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకు వర్తించదని తర్వాత స్పష్టత ఇచ్చారు. కానీ ఒక సంతకంతో ఇంత మారగలిగే చోట, ఇరవై ఏళ్ల ఆదాయాన్ని ముందే జమ వేసుకొని ఇల్లు తాకట్టు పెట్టడం తగదు.

ఆ కోర్సు చదివినవాళ్లు ఏమయ్యారు?

విశ్వవిద్యాలయం బ్రోషర్లో కనిపించే సగటు జీతాన్ని నేరుగా నమ్మవద్దు. పోయినేడాది బ్యాచ్‌లో ఎంతమంది తమ ఉద్యోగ వివరాలు చెప్పారో, అందులో విదేశీ విద్యార్థుల లెక్క విడిగా ఉందో లేదో అడగాలి. నూటికి నలభైమంది చెప్పిన జీతాల సగటు మిగతా అరవైమంది సంగతి దాచేస్తుంది. అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కోర్సుల వారీగా ఆదాయాలు కనిపిస్తాయి. అవి అక్కడి ప్రభుత్వ ఆర్థిక సాయం పొందిన విద్యార్థుల లెక్కలు, మన పిల్లలవి కావు. వాళ్లకు వీసా బాధ లేదు.

ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకోటి ఉంది. హెచ్-1బీ కోసం కంపెనీలు అమెరికా కార్మికశాఖకు ఇచ్చే దరఖాస్తుల వివరాలు బహిరంగంగా దొరుకుతాయి. ఏ కంపెనీ, ఏ ఊళ్లో, ఏ ఉద్యోగానికి, ఎంత జీతం అన్నది అందులో ఉంటుంది. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఊళ్లలో కొత్తవాళ్లకు నిజంగా ఎంతిస్తున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ తర్వాత లింక్డిన్‌లో అదే కోర్సు రెండేళ్ల కిందట ముగించిన మనవాళ్లను ముప్పైమందిని వెతకాలి. బాగున్నవాళ్లను ఏరుకోకుండా కనిపించిన వరుసలోనే తీసుకోవాలి. పట్టా వచ్చిన ఏడాదికి చదువుకు తగిన ఉద్యోగంలో ఎందరున్నారు, ఊరూ పేరూ లేని కన్సల్టింగ్ కంపెనీల పేరుతో ఎందరున్నారు, ఇండియాకు వచ్చేసినవాళ్లెందరు అని లెక్కపెట్టాలి. ముప్పైమందిలో పదిమంది కూడా సరైన ఉద్యోగంలో లేకపోతే మన ఊహలోని మొదటి దారిని ఆ కోర్సుకు వర్తింపజేయకూడదు.

ఎంత అప్పు దాకా పోవచ్చు?

బోరు వేయించే రైతు, నీళ్లు పడకపోతే ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో బండి రాకముందే అనుకుంటాడు. ఈ అప్పుకూ అలాంటి హద్దు ఒకటి పెట్టుకోవచ్చు. అమెరికా జీతం ఊసే ఎత్తకుండా, పట్టాతో వెనక్కి వచ్చేస్తే బెంగళూరులో చేతికి ఎంతొస్తుందో రాయండి. అందులో 40 శాతానికి మించని వాయిదా ఎంత అప్పుకు వస్తుందో చూడండి. అదే హద్దు.

మన చింతామణి అబ్బాయికి వెనక్కొస్తే చేతికొచ్చేది 60 వేలు. 40 శాతం అంటే 24 వేలు. పదేళ్లలో తీరే ఆ వాయిదాకు సరిపడేది వాయిదాలు మొదలయ్యేనాటికి 18 లక్షల అప్పు. చదువుకాలపు వడ్డీ తీసేస్తే మొదట తీసుకోగలిగింది 15 లక్షలే. ఇదే కొలతతో 50 లక్షల అప్పు భద్రంగా ఉండాలంటే బెంగళూరులో నెలకు 2 లక్షలు చేతికి రావాలి. అంత జీతం ఇక్కడే తెచ్చుకోగలవాడికి ఆ పట్టా అవసరం ఎంతో ఆలోచించుకోవాలి.

15 లక్షలకూ 50 లక్షలకూ మధ్య దూరాన్ని పూడ్చే దారులు లేకపోలేదు. విశ్వవిద్యాలయమే ఫీజు మాఫీ చేసి నెలనెలా భృతి ఇచ్చే అసిస్టెంట్‌షిప్ మాస్టర్స్‌లో అరుదు, పీహెచ్‌డీలో మామూలు. పరిశోధన మీద నిజమైన మనసున్న పిల్లలు ఆ తలుపు తట్టాలి. షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు కర్ణాటక ప్రభుత్వపు ప్రబుద్ధ పథకం ఉంది. ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్య పుణేలో ఇంజనీరింగు చదివింది కూడా మైసూరు సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతోనే. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు. బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. రెండేళ్లకు 25 లక్షల దాకా అవుతుంది. అందులో పది లక్షలు ఇంట్లోంచి పెట్టగలిగితే అప్పు మన హద్దులోకే వస్తుంది. అక్కడ ఉద్యోగానికి జర్మన్ భాష అడ్డం వస్తుంది కాబట్టి బయల్దేరేముందే నేర్చుకోవడం మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా చేతిలో ఉన్న దారి బెంగళూరే. ఆ అబ్బాయి ఇప్పుడొచ్చిన ఉద్యోగంలో చేరి రెండేళ్లు పని చేస్తే నాలుగున్నర లక్షలు మిగులుతాయి. ఆ అనుభవంతో ఎమ్మెస్ చదివి వెనక్కొచ్చినా నెలకు 90 వేలు చేతికొచ్చే జీతం ఆశించవచ్చు. అప్పుడు అతని హద్దు 15 లక్షల నుంచి 22 లక్షలకు పెరుగుతుంది. అనుభవం ఉన్నవాడికి అమెరికాలో మొదటి ఉద్యోగం తొందరగా దొరికే అవకాశం ఎక్కువ. జీతం రెండో స్థాయికి చేరితే లాటరీలో పేరు రెండుసార్లు పడుతుంది. వీసా నియమాలు ఎటు తిరుగుతాయో కూడా ఈ రెండేళ్లలో కొంత తేలుతుంది. సీటు మళ్లీ తెచ్చుకోవచ్చు, ఇల్లు మళ్లీ తెచ్చుకోవడం కష్టం.

ఇల్లు తాకట్టు పెట్టకుండానే ఈ ఖర్చు భరించగల కుటుంబాలున్నాయి. డబ్బు పోయినా బతుకు ఆగదనుకుంటే, వీసా దొరికితే వచ్చే పెద్ద లాభం కోసం వాళ్లు ధైర్యం చేయవచ్చు. ఆ ధైర్యానికి అర్థముంది. ఉన్న ఒక్క ఇల్లూ నాలుగెకరాలూ పణంగా పెట్టే కుటుంబానికి నేను చెప్పేది మాత్రం వేరు. పిల్లవాడు తిరిగొచ్చినా తీరే అప్పయితేనే చేయండి. ఈ ఏడాదికి ఆ హద్దు దాటుతుంటే విమానాన్ని రెండేళ్లు వాయిదా వేయండి, బెంగళూరు బస్సు ఎక్కించండి.